మూత దగ్గర డ్యూటీ

సత్తిబాబు మా గుమ్మంలోకి వచ్చి చెప్పులు విప్పకుండా నిలబడ్డాడంటే ఏదో ఇబ్బందిలో ఉన్నాడని అర్థం. ఇబ్బంది లేనప్పుడు తిన్నగా వంటింటి దాకా వచ్చి, నేను వండుకున్న కూర మీద మూత తీసి చూసి, "ఉప్పు తక్కువేశారండి" అని చెప్పి వెళ్లిపోతాడు. తాడేపల్లిగూడెంలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటాడు. పెళ్లివంటలు అతని పని.

"బాబాయిగారూ, మోమోలంటే ఏంటండి?" అన్నాడు ఆ రోజు.

చదువుతున్న పేపరు దించాను. మా ఇంట్లో ఆ మాట వినబడి నాలుగేళ్లయింది. మా ఆవిడ రాజకుమారి పోయాక నాతో ఎవరూ అనలేదు, నేనూ ఎవరితోనూ అనలేదు.

"చెప్పులు విప్పి లోపలికి రా, చెప్తాను" అన్నాను.

విషయం ఇది. కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊళ్లో జాకబ్ మాస్టారని ఉన్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వాళ్లమ్మాయి హెప్సిబా ఢిల్లీలో నర్సు. పెళ్లి ఊళ్లోనే, చర్చి పక్క స్థలంలో సాయంత్రం విందు. తండ్రి ఏం కావాలమ్మా అని అడిగితే ఆ పిల్ల నగ అడగలేదు, చీర అడగలేదు. హాస్టల్లో తనతో ఉన్న స్నేహితురాళ్లు ఢిల్లీ నుంచి రైలెక్కి వస్తున్నారు, వాళ్లకి మోమోలు పెట్టించండి నాన్నగారూ అంది. మాస్టారు ఫోన్లో సత్తిబాబుని అడిగారు, వచ్చా అని. సత్తిబాబు వచ్చండి అన్నాడు.

"రాకుండా ఎందుకన్నావయ్యా?"

"అనకపోతే బేరం జోగారావుగారికి పోద్దండి."

జోగారావు ఏలూరులో పెద్ద కేటరింగు కాంట్రాక్టరు. సత్తిబాబు పెళ్లి కాకముందు నుంచీ ఆయన దగ్గరే వండుతున్నాడు. వంట సత్తిబాబుది, పేరు జోగారావుది. విందు బాగుందని మెచ్చుకున్నవాళ్లంతా జోగారావుగారి గుత్తివంకాయ కూర అనే చెప్పుకున్నారు. ఇన్నాళ్లకి సొంతంగా ఒక్క పెళ్లి ఒప్పుకున్నాడు. "మళ్లీ వస్తాడులే, గరిటె ఎక్కడ పెట్టాలో వాడికి తెలుసు" అని జోగారావు నవ్వాడట. ఈ పెళ్లిలో అభాసుపాలైతే వెళ్లి ఆ గరిటె మళ్లీ పట్టుకోవడమే.

"మైదా పిండితో పల్చటి పొర చేసి, లోపల కూర పెట్టి, మూతి మూసి ఆవిరి మీద ఉడికిస్తారు" అన్నాను.

అతని మొహం వెలిగింది. "ఆవిరి మీదేనాండి? ఓస్. నూనెలోనో నిప్పు మీదో అనుకుని హడలిపోయాను. ఆవిరంటే ఇడ్లీయేగా. వెయ్యి మందికి ఇడ్లీ వేసిన చెయ్యండి ఇది."

"ఆగు, ఇంకా ఉంది" అంటున్నాను. అప్పటికే వీధిలో ఉన్నాడు. చెప్పులు మా ఇంట్లోనే ఉండిపోయాయి.

మర్నాడు సాయంత్రం వాళ్లావిడ శేషారత్నం కబురు పెట్టింది, ఒకసారి వచ్చి చూడమని. పెరట్లో ఇడ్లీ పాత్ర పొయ్యి మీంచి దింపి ఉంది. పీట మీద ఒక తెల్లటి ముద్ద.

"ఇది ఏంటమ్మా?"

"మోమోలంటండి" అంది శేషారత్నం. "పాతిక పెట్టారు. ఒకటే వచ్చింది."

సత్తిబాబు జరిగింది చెప్పాడు. ఇడ్లీ గుంటల్లో తడిగుడ్డ పరిచి, దాని మీద మోమోలు పెట్టాడు. చన్నీళ్లతోనే పొయ్యి మీదకెక్కించాడు. ఉడికాక, ఇడ్లీని చల్లారనిస్తేనే కదా విడివిడిగా వచ్చేది అని, మూత తియ్యకుండా పక్కన పెట్టి స్నానానికి వెళ్లాడు. వచ్చి మూత తీస్తే గుడ్డకి మోమోలు, మోమోలకి మోమోలు అంటుకుని కూర్చున్నాయి. గుడ్డ లాగితే పొరలు గుడ్డతో వచ్చేశాయి, కూర మిగిలింది.

"ఇడ్లీ పిండికి ఏది మేలో దీనికి అదే కీడు" అన్నాను. "ఇడ్లీ తడి తాగి పొంగాలి. దీని పొర తడి తాగితే జిగురైపోతుంది. తడిగుడ్డ వద్దు, చన్నీళ్లు వద్దు. అయ్యాక మూత కింద ఉంచడం అసలే వద్దు."

"మీకివన్నీ ఎలా తెలుసండి బాబాయిగారూ? మీరు రైల్వేలో పన్జేశారు కదా."

"రైల్వే నన్ను బెంగాల్లో న్యూ జల్పాయ్‌గురికి వేసింది కదయ్యా. ఆరేళ్లు."

ఆ ఆరేళ్లూ మా పక్క క్వార్టర్లో తమాంగ్ అని ఒక నేపాలీ కుటుంబం ఉండేది. తమాంగ్ గారి భార్యా రాజకుమారీ ఒకరి భాష ఒకరికి రాకుండానే స్నేహితులైపోయారు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఇద్దరూ మా వంటింట్లో పిండి ముందేసుకుని కూర్చునేవారు. కలపడం, వత్తడం, మడతలు పెట్టడం వాళ్ల పని. నన్ను పిండి ముట్టుకోనిచ్చేవారు కాదు. "మీకు గడియారం ఉందిగా, మూత దగ్గర డ్యూటీ మీది" అనేది రాజకుమారి. గూడ్సు రైళ్ల టైములు రాసే మనిషిని, ఆ డ్యూటీ బాగానే చేశాను. కాబట్టి నాకు తెలిసింది సగమే. మూత కింద జరిగేది తెలుసు. మూత దగ్గరికి రాకముందు జరిగేది తెలియదు.

ఆ సంగతి చెప్తే శేషారత్నం చీర కొంగు దోపుకుంది. "మూతి మూసే పనైతే కజ్జికాయే కదండి. అది నాకొదిలెయ్యండి."

మా ఇంట్లో నేను అటక ఎక్కడానికి సత్తిబాబు స్టూలు పట్టుకున్నాడు. జల్పాయ్‌గురి నుంచి తెచ్చిన మోమో పాత్ర పాత సూట్‌కేసు వెనకాల ఉంది. అల్యూమినియంది. కింద నీళ్ల గిన్నె, పైన అడుగంతా చిల్లులున్న రెండు అరలు, ఆ పైన మూత. దుమ్ము దులిపి మూత తీస్తే లోపల మడతపెట్టిన గుడ్డ ముక్క ఉంది. రాజకుమారి పాత నేత చీరది, నీలం అంచు. ఉతికి, ఆరబెట్టి, మడిచి పెట్టింది. తరవాతెప్పుడో కావలసి వస్తుందని ఆవిడే దాచినట్టుంది. కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. సత్తిబాబు స్టూలు పట్టుకునే ఉన్నాడు.

"ఇది పాత్రలో వెయ్యడానికాండి?" అన్నాడు చివరికి.

"కాదు, మూతకి కట్టడానికి. ఆవిరి మూతకి తగిలి నీరై కిందకి కారుతుంది కదా. ఆ చుక్క పడిన చోటల్లా పొర పాచిపోయినట్టవుతుంది. గుడ్డ కడితే ఆ నీరు గుడ్డ పీల్చుకుంటుంది. కొసలు పైకి తీసి మూత మీద ముడెయ్యాలి, మంటకి తగలకూడదు."

ఆ వారం వాళ్ల పెరడు మా బడి అయిపోయింది. నాకు తెలియని సగం శేషారత్నం వెతుక్కుంది. మొదట పూరీ పిండిలా నూనె పోసి మెత్తగా కలిపితే పొరలు సాగి చిరిగాయి. కాస్త గట్టిగా, ఉత్త నీళ్లూ చిటికెడు ఉప్పుతో కలిపి, బాగా మర్దించి, అరగంట మూతపెట్టి వదిలేస్తే మాట విన్నది. కజ్జికాయకి వత్తినట్టు అంతా ఒకే పలచన వత్తితే అడుగులు ఊడిపోయాయి. రాజకుమారి ఎడంచేత్తో పొరని తిప్పుతూ, కర్రని అంచు నుంచి సగం దాకానే నడిపి వెనక్కి తీసేది. ఆ చేతుల కదలిక నాకు కళ్లకి కట్టినట్టుంది కానీ చేసి చూపించలేను. గాల్లో చెయ్యి తిప్పి చూపించాను.

"అంటే నడిమధ్య మందంగా ఉండాలి, అంచు పల్చన. అదేనాండి?"

"అదేనమ్మా."

"ఆ మాట చెప్పొచ్చు కదండి, పిచికల్ని తోలుతున్నట్టు ఆ చెయ్యేంటండి" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

కేబేజీ తరిగి అలాగే పెడితే లోపలి నీరు పొరని లోపల్నుంచే నానబెట్టేసింది. ఉప్పు కలిపి కాసేపుంచి, గుడ్డలో వేసి పిండితే చెంబెడు నీళ్లు దిగాయి. అప్పుడు పొడిగా నిలిచింది. కోడి కైమాలో ఉల్లిపాయ సన్నగా తరిగి, చెంచాడు నూనె కలిపాడు సత్తిబాబు.

ఇక నా డ్యూటీ. నీళ్లు సగం గిన్నె దాకానే, తెర్లినా కింది అర అడుక్కి తగలకుండా. అరలకి నూనె రాసి, మోమోకీ మోమోకీ మధ్య వేలు పట్టేంత ఎడం, ఉడికితే కొంచెం ఒళ్లు చేస్తాయి కాబట్టి. నీళ్లు కళపెళ మరిగాకే అరలెక్కించాను. పై నుంచి ఆవిరి దూసుకొచ్చినప్పుడు గడియారం చూశాను. కేబేజీవి తొమ్మిది నిమిషాలకి తీశాను, పచ్చి కోడి ఉన్నవి పన్నెండు దాటనిచ్చాను.

"అయ్యాయని ఎలా తెలుస్తాదండి?" అన్నాడు సత్తిబాబు.

వేలు నీళ్లలో తడిపి ఒకదాని మీద మెల్లగా పెట్టి తీశాను. పొర వేలితో రాలేదు, నిగనిగలాడుతూ అక్కడే ఉంది. "వేలికంటుకుంటే ఇంకా కావాలి. అంటుకోకపోతే పొర అయింది. కోడికి మాత్రం ఒకటి విరిచి చూడాలి, లోపల ఎరుపుండకూడదు."

తీశాక మూత లేకుండా ఒక నిమిషం ఆగమన్నాను. ఆ నిమిషంలో పైతడి ఆరి పొర బిగుసుకుంటుంది, చిరక్కుండా లేస్తుంది. శేషారత్నం ఒకటి నోట్లో పెట్టుకుని, కాలి, ఊదుకుని, కళ్లు మూసుకుంది.

"ఎలా ఉందే?" అన్నాడు మొగుడు.

"మాట్టాడకండి. లోపల రసం ఉంది."

అయితే మా పాత్రలో పట్టేది ఇరవై. మాస్టారి విందుకి మూడొందల మంది. సత్తిబాబు ఇడ్లీ పాత్రలకి గుంటలే తప్ప చదునైన అరలు లేవు. ఆ చిక్కు అతనే విప్పాడు. అత్తిలి రోడ్డులో వెదురు అల్లే మంగాయమ్మ దగ్గరికి బండి మీద తీసుకెళ్లాడు నన్ను. గుండిగ మూతికి సరిపడా చుట్టుకొలత తాడుతో కొలిచి తెచ్చాడు.

"అడుగు సందుసందుగా అల్లాలి పిన్నీ. పైన ఇంకోటి కూర్చోవాలి. మూతలు కూడా వెదురువే."

"చేపలకా?" అంది మంగాయమ్మ.

"మోమోలకి."

"ఏవో ఒకటి. చేసినప్పుడు నాకూ రెండు పెట్టండి" అంది ఆవిడ, అదేమిటో అడక్కుండానే.

వెదురు తట్టలు మాకు చేసిన మేలు చెప్పుకోవాలి. వెదురు మూతకి నీటిబొట్టు కట్టదు. ఆవిరి కొంత లోపలికి పీల్చుకుంటుంది, కొంత సందుల్లోంచి పోతుంది. కొత్త వెదురు వాసన పోవడానికి ఒక రాత్రి నీళ్లలో నానేసి, ఖాళీ తట్టల్నే ఒకసారి ఆవిరి పట్టించాం. గుండిగకీ తట్టకీ మధ్య సందులోంచి ఆవిరి పోతుంటే సత్తిబాబు మైదా పిండిని తాడులా చేసి చుట్టూ అతికాడు, బిర్యానీ దమ్ముకి చేసినట్టు. తట్టల్లో పరచడానికి అరిటాకు అన్నాడు. నిండు ఆకు వేస్తే ఆవిరి అడ్డుపడి, అంచుల్లో ఉన్నవి ఉడికి మధ్యలోవి పచ్చిగా మిగిలాయి. తరగడానికి పనికిరాని కేబేజీ పై ఆకుల్ని చిన్న చిన్న ముక్కలుగా చించి, ఒక్కో మోమో కింద ఒక్కోటి పెట్టింది శేషారత్నం. మధ్యలో సందులుంటాయి, ఆవిరి వస్తుంది. పారేసే ఆకు పనికొచ్చినందుకు ఆవిడకి మోమో రుచి కన్నా ఎక్కువ ఆనందం కలిగింది.

పెళ్లిరోజు మధ్యాహ్నానికే లంకకి చేరాం. ఏలూరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా నీళ్లు, నీళ్లలో గూడబాతులు. జాకబ్ మాస్టారు చర్చిలో పెళ్లి పనిలో ఉన్నారు. విందు పెత్తనమంతా ఆయన తమ్ముడు చిట్టిబాబుది. తెల్ల చొక్కా, భుజమ్మీద తువ్వాలు, చేతిలో సెల్‌ఫోను. మమ్మల్ని చూడగానే ఐసు పెట్టె ఒకటి దింపించాడు.

"రొయ్యలండి. మా చెరువువే. పెళ్లికూతురికి ఇష్టం. వీటితో కూడా ఆ మోమోలు చేసెయ్యండి."

సత్తిబాబు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. జల్పాయ్‌గురిలో రొయ్యల మోమో నేను చూడలేదు.

"రొయ్య సంగతి నీకే తెలియాలి" అన్నాను.

"రొయ్యకి పట్టుమని అయిదు నిమిషాలు చాలండి. అంతకు మించితే రబ్బరే."

"పొర ఉడకడానికే ఏడెనిమిది కావాలి."

అతను ఐసు పెట్టెలోంచి ఒక రొయ్య తీసి చూశాడు. "అయితే మరీ సన్నగా తరక్కుండా పెద్ద ముక్కలే పెడదామండి. పొర అయ్యేదాకా తట్టుకుంటాయి." ఒక తట్ట వేసి చూశాం. ఎనిమిదో నిమిషంలో విరిస్తే ముక్క గులాబీ రంగులో వంకర తిరిగి, కొరికితే టక్కుమంది. అలా మూడు గుండిగలకి మూడు టైములయ్యాయి. కలిసిపోకుండా శేషారత్నం తనూ, తనతో వచ్చిన ఆడవాళ్లూ కేబేజీకి కజ్జికాయ ఆకారం, కోడికి పైన ముడి, రొయ్యకి పొడుగు జడ వేసి చుట్టారు. పిండి చల్లిన పళ్లాల్లో ఒకదానికొకటి తగలకుండా పెట్టి గుడ్డ కప్పారు. చూస్తుంటే నిండు కొలువులా ఉంది.

చర్చి గంట వినబడింది. చిట్టిబాబు వచ్చాడు. అన్నం, బిర్యానీ, కూరలు, గారెలు అన్నీ డబ్బాల్లోకెక్కాయి. మోమోల దగ్గర మాత్రం గుండిగలు పొగలు కక్కుతున్నాయి, పళ్లాల్లో అన్నీ పచ్చివే.

"ఇదేంటి సత్తిబాబూ, ఇంకా పొయ్యెక్కలేదు? జనం వచ్చేసరికి అన్నీ అయిపోయి హాట్‌బాక్సుల్లో ఉండాలి. మా అన్నయ్య లెక్కల మాస్టారు, టైముకి లేకపోతే ఊరుకోడు."

"ఇవి అప్పటికప్పుడు పెట్టాలండి. ముందే చేస్తే పాడైపోతాయండి."

"పాడయ్యేదేంటయ్యా, హాట్‌బాక్సుల్లో వేడిగా ఉంటాయి. జోగారావు అయితే ఈపాటికి ప్లేట్లు కూడా తుడిపించేవాడు."

ఆ పేరు వినగానే సత్తిబాబు చెయ్యి తట్ట మీదకి వెళ్లింది. అన్నీ ఒకేసారి ఎక్కించి మూత పెట్టేస్తే చిట్టిబాబు సంతోషిస్తాడు, కాసేపటికి మొదటి రోజు పెరట్లో చూసిన ముద్దే వెయ్యింతలై పెళ్లి పందిట్లో ఉంటుంది. ఏమైనా అందామని నోరు తెరిచాను. సత్తిబాబు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆయ్, అలాగేనండి. ఒక్క తట్ట చేసి హాట్‌బాక్సులో పెడతాను. మీరే తెరిచి చూడండి. మీకు నచ్చితే అన్నీ అలాగే."

ఒక తట్ట కోడివి ఉడికించాడు. అందంగా వచ్చాయి. ఉడికినవి ఉడికినట్టే హాట్‌బాక్సులో పేర్చి మూత బిగించాడు. అటు చర్చిలోంచి జనం రావడం మొదలైంది. చిట్టిబాబు కుర్చీలు సర్దించి, రెండు ఫోన్లు మాట్లాడి తిరిగొచ్చి మూత తీశాడు. మూత నుంచి నీళ్లు బొటబొటా కారాయి. ఒకటి తియ్యబోతే పక్కది వెంట వచ్చింది, దానితో ఇంకోటి, ఆఖరికి మొత్తం ఒక దుప్పటిలా పైకి లేచి, మధ్యలో చిరిగి, కూర డబ్బాలో పడింది. చిట్టిబాబు చేతిలో తెల్లటి పీలిక వేలాడుతోంది. శేషారత్నం పళ్లెం వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

చిట్టిబాబు ఆ పీలికని చూశాడు. నోట్లో వేసుకున్నాడు. "రుచి బాగానే ఉందయ్యా" అన్నాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "సరే, నువ్వు చెప్పినట్టే కానీ. జనాన్ని నేను చూసుకుంటాను" అన్నాడు.

ఆ మాట అతను అన్నందుకు నేను ఇప్పటికీ అతన్ని అభిమానంతో తలుచుకుంటాను. తప్పు కళ్లెదురుగా వేలాడుతున్నా ఒప్పుకోని మనుషుల్ని చాలామందిని చూశాను.

పొయ్యిల్ని షామియానా ముందుకి, అందరికీ కనబడేలా జరిపించాడు చిట్టిబాబే. అప్పుడు కొల్లేటి మీంచి గాలి లేచింది. మంట పక్కకి పడుకుంది, ఆవిరి నీరసించింది. నేను పై తట్ట మీద చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉందంతే. నీరసపు ఆవిరిలో పొర ఉడకదు, నానుతుంది. "ఎక్కించకు" అన్నాను. సత్తిబాబు పరిగెత్తి వెళ్లి చర్చి వెనక మిగిలిన రేకులు నాలుగు తెచ్చి పొయ్యిల చుట్టూ నిలబెట్టాడు. మంట నిటారుగా లేచింది. ఆవిరి తట్టల సందుల్లోంచి ఈలేసినట్టు వచ్చింది. అప్పుడు ఎక్కించాం, గడియారం చూశాను.

జనం మూగారు. వరసగా మూడు వెదురు గోపురాలు, వాటి మీంచి తెల్లటి పొగ, పక్కన చేతిగడియారం వంక చూస్తూ తెల్లజుట్టు మనిషి.

"ఏం వండుతున్నారండి?"

"ఇడ్లీలంట."

"ఇడ్లీకి ఇంత హడావుడా?"

"ఢిల్లీ ఇడ్లీ అంట. రొయ్యలున్నాయంట లోపల."

చిట్టిబాబు మధ్యలో నిలబడి, ఎన్నాళ్లగానో తెలిసినవాడిలా చెప్తున్నాడు. "ఇవి ముందే చెయ్యకూడదండి. హాట్‌బాక్సులో పెడితే పాడైపోతాయి. మీరొక్క పది నిమిషాలు ఓపిక పట్టాలి." నేనూ సత్తిబాబూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పెళ్లికూతురు హెప్సిబా తెల్లచీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తి పట్టుకుని వచ్చింది. వెనకాల ఆరుగురు స్నేహితురాళ్లు. అందులో మిజోరం అమ్మాయి ఒకతె, లాల్రిని అని పేరు, పొట్టిగా చురుగ్గా ఉంది. ఆ అమ్మాయి మాతో ఏమీ మాట్లాడలేదు. రొయ్యల తట్ట దింపి మూత తీయగానే ముందుకొచ్చింది. పక్కనున్న గ్లాసులో వేలు ముంచి, ఒక మోమో మీద పెట్టి తీసింది.

నాకు ఒక్క క్షణం తమాంగ్ గారి భార్య చెయ్యీ, ఆ పక్కన రాజకుమారి చెయ్యీ అక్కడే ఉన్నట్టనిపించింది.

వేలికేమీ అంటుకోలేదు. ఆ అమ్మాయి హెప్సిబా వైపు తిరిగి హిందీలో ఏదో అంది. హెప్సిబా పకపకా నవ్వింది.

"ఏమందమ్మా?" అన్నాడు సత్తిబాబు.

"మన హాస్టల్ ముందు బండివాడు కూడా ఇలా తీయడు, వాడు పొయ్యి మీదే వదిలేస్తాడు అందండి. ఒక్క నిమిషం ఆరనివ్వమంటోంది."

"ఆరనిస్తున్నామమ్మా" అన్నాం ఇద్దరం ఒకేసారి.

నిమిషం ఆగి, కేబేజీ ఆకుతో సహా ఒక్కోటీ ఎత్తి పళ్లెంలో పెట్టింది శేషారత్నం. ఒక్కటి చిరగలేదు. హెప్సిబా మొదటిది తను తినకుండా లాల్రిని నోట్లో పెట్టింది. ఆ అమ్మాయి వేడికి నోరు తెరిచి, కళ్లనీళ్లతో నవ్వుతూ బొటనవేలు పైకెత్తింది. సత్తిబాబు నూరిన టమాటా ఎండుమిరప పచ్చడికి ఆ ఆరుగురూ కన్నీళ్లు పెట్టుకుని మరీ మళ్లీ అడిగారు.

అక్కణ్నుంచి తెరిపి లేదు. తట్ట దిగేది, తట్ట ఎక్కేది. గుండిగల్లో నీళ్లు తగ్గితే పక్క పొయ్యి మీద మరుగుతున్న నీళ్లే పోశాం. చన్నీళ్లు పోస్తే ఆవిరి చచ్చిపోతుంది. "కేబేజీ", "కోడి ఇంకా మూడు", "రొయ్య దించు" అని నేను చెప్తూనే ఉన్నాను. న్యూ జల్పాయ్‌గురి యార్డులో కూడా ఇంత రద్దీ చూడలేదు. మొదట ఇడ్లీ అన్న ముసలాయన అయిదోసారి వరసలో నిలబడి, "ఈసారి జడున్నవి పెట్టండి" అన్నాడు. మాస్టారు జాకబ్ గారు రెండు కోడివీ రెండు రొయ్యవీ తిని, ఏదీ ఉడక్కుండా లేదు, ఏదీ ఎక్కువ ఉడకలేదు, లెక్క సరిపోయింది అన్నారు.

జనం పలచబడ్డాక పెంటపాడు నుంచి వచ్చిన ఒక రైతు సత్తిబాబు దగ్గరికొచ్చాడు. పట్టుపంచె, చేతిలో ఖాళీ పళ్లెం.

"మా అబ్బాయి పెళ్లి వచ్చే నెల్లోనండి. ఇవి పెట్టించాలి. మీరు జోగారావుగారి మనుషులేనా?"

సత్తిబాబు చేతిలో తట్ట ఉంది, ఆవిరి మొహానికి కొడుతోంది. తట్ట దింపాడు. చేతులు తుడుచుకున్నాడు.

"కాదండి. నా పేరు సత్తిబాబండి. తాడేపల్లిగూడెం. అడ్రసు ఈయన చెప్తారు" అని నన్ను చూపించాడు. "మా బాబాయిగారండి. మూత దగ్గర డ్యూటీ ఈయనది."

చివరి తట్ట మాకోసం ఉంచారు. గట్టు మీద పీటలేసుకుని కూర్చున్నాం. నీళ్ల మీద వెలుగింకా కొంచెం మిగిలి ఉంది. శేషారత్నం మంగాయమ్మ వాటా ముందే తీసి, ఆకులో వదులుగా చుట్టింది. "రేపు ఇంట్లో ఒకసారి ఆవిరి చూపించి ఇద్దామండి, మెత్తబడతాయి" అంది. నాకు కేబేజీది పెట్టింది. లోపలి రసం కాలి నాలుక చుర్రుమంది. రాజకుమారి అయితే ఊదుకుని తినండి అనేది. ఊదుకుని తిన్నాను.

మర్నాడు ఉదయం మోమో పాత్ర కడిగి ఎండలో పెట్టాను. ఆరాక నీలం అంచు గుడ్డ మడతపెట్టి లోపల పెట్టాను. అటక ఎక్కించడానికి స్టూలు పట్టుకొచ్చేలోపే సత్తిబాబు వచ్చాడు. ఈసారి చెప్పులు విప్పాడు.

"పైన పెట్టకండి. వంటింట్లోనే ఉంచండి" అన్నాడు. తిన్నగా లోపలికెళ్లి నా కూర మీద మూత తీశాడు. రుచి చూశాడు.

"ఉప్పు సరిపోయిందండి ఇవాళ" అన్నాడు.